రెండు ఆఫర్లు చేతిలో ఉన్నాయి: 24 లక్షల జీసీసీనా, 30 లక్షల స్టార్టప్పా?

భీమవరం_బ్యాకెండ్ · మంగళవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఆరేళ్లుగా జావా బ్యాకెండ్ చేస్తున్నాను. ఇప్పుడు ఒక సర్వీసెస్ కంపెనీలో సీటీసీ 14 లక్షలు, నోటీస్ పీరియడ్ 90 రోజులు. రెండు నెలల ఇంటర్వ్యూల తర్వాత రెండు ఆఫర్లు వచ్చాయి. శుక్రవారం లోపు ఏదో ఒకటి చెప్పాలి.

మొదటిది నానక్‌రామ్‌గూడలో ఒక విదేశీ ఇన్సూరెన్స్ కంపెనీ సొంతంగా నడిపే సెంటర్, జీసీసీ. సీటీసీ 24 లక్షలు, అందులో 2.4 లక్షలు వేరియబుల్. జాయినింగ్ బోనస్ లేదు. నోటీస్ మొత్తం పూర్తి చేసి రమ్మన్నారు. ఇంటర్వ్యూ చేసినవాళ్లు ప్యానెల్ మాత్రమే. ఏ టీమ్, ఎవరి కింద అనేది చేరాక చెబుతారట.

రెండోది కొండాపూర్‌లో చిన్న దుకాణాలకు బిల్లింగ్, పేమెంట్స్ సాఫ్ట్‌వేర్ చేసే స్టార్టప్. ఇంజనీరింగ్‌లో నలభై మంది. లెటర్‌లో మొత్తం 30 లక్షలు. అంటే ఫిక్స్‌డ్ 21, ఈసాప్స్ ఏడాదికి 7, జాయినింగ్ బోనస్ 2. నలభై అయిదు రోజుల్లో చేరాలట, నోటీస్ బైఅవుట్ వాళ్లే కడతామన్నారు. నా మేనేజర్ కాబోయే ఆయనే రెండో రౌండ్ తీసుకున్నారు. గంటకు పైగా మాట్లాడుకున్నాం. నాకు ఆయన బాగా నచ్చారు.

భీమవరంలో అమ్మానాన్నలు ఉంటారు, నాన్నకు 64. రెండేళ్ల కిందట స్టెంట్ వేశారు. ఇక్కడ ఫ్లాట్ ఈఎంఐ 38 వేలు. ఆరు లక్షల తేడా అంటే మాటలా అని ఇంట్లో అంటున్నారు. ఎలా ఆలోచించాలో చెప్పండి.

సిద్దిపేట_సందీప్ · మంగళవారం, రాత్రి 10:05

భాయ్, ఈసాప్స్‌ను సున్నా అనుకో. వేరియబుల్‌ను కూడా సున్నా అనుకో. జాయినింగ్ బోనస్ ఒక్కసారి వచ్చి పోయేది, దాన్నీ తీసెయ్. చేతికి నెలనెలా ఎంత వస్తుందో అదే జీతం. అలా చూస్తే ఒకచోట 21.6, ఇంకోచోట 21. తేడా లేదు. మేనేజర్ నచ్చిన చోటికి పో.

డల్లాస్_మూర్తి · మంగళవారం, రాత్రి 10:31

రెండిటికీ ఓకే చెప్పేయండి. ముందు పిలిచినచోట చేరండి, నచ్చకపోతే వారంలో మానేసి రెండోదానికి వెళ్లండి. ఇక్కడ మేం అలాగే చేస్తాం, రెండు వారాల నోటీస్ కూడా మర్యాద కోసమే. ఇంతకీ మీ వీసా స్టేటస్ ఏమిటి? దాన్నిబట్టి కూడా మారుతుంది.

భీమవరం_బ్యాకెండ్ · మంగళవారం, రాత్రి 10:38

మూర్తి గారూ, నేను హైదరాబాద్‌లోనే ఉన్నానండీ, వీసా గొడవ లేదు.

పేరోల్_పద్మ · బుధవారం, ఉదయం 7:15

నేను ఈ ఊళ్లోనే పద్నాలుగేళ్లుగా పేరోల్‌లో ఉన్నాను. మూర్తి గారి సలహా ఇక్కడ కుదరదు. ఒకచోట చేరి వారంలో మానేస్తే యూఏఎన్‌లో ఆ కంపెనీ పేరు, చేరిన తేదీ పడిపోతాయి. తర్వాతి బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో రిలీవింగ్ లెటర్ ఏదని అడుగుతారు.

సందీప్ గారు చెప్పిన పద్ధతి బాగుంది కానీ లెక్క అక్కడ ఆగకూడదు. 21.6 లోపల ఏముంది, 21 లోపల ఏముంది? రెండు కంపెనీల్లో పీఎఫ్ ఎలా కడుతున్నారో చూడండి. బాబూ, లెటర్ వెనక పేజీలో అనెక్సర్ ఉంటుంది. రెండిటిలో బేసిక్ ఎంత, కంపెనీ పీఎఫ్ ఎంత, గ్రాట్యుటీ సీటీసీలో కలిపారా లేదా, ఈ మూడూ ఇక్కడ పెట్టు.

భీమవరం_బ్యాకెండ్ · బుధవారం, ఉదయం 8:50

పద్మ గారూ, చూశాను. జీసీసీలో బేసిక్ 12 లక్షలు, కంపెనీ పీఎఫ్ 1,44,000, గ్రాట్యుటీ 57,720. స్టార్టప్‌లో బేసిక్ 10.5 లక్షలు, కంపెనీ పీఎఫ్ 21,600, గ్రాట్యుటీ 50,505. రెండిట్లోనూ ఇవన్నీ సీటీసీ లోపలే ఉన్నాయి.

పేరోల్_పద్మ · బుధవారం, మధ్యాహ్నం 1:20

అనుకున్నాను. భోజనం టైమ్‌లో లెక్క వేశాను, చూడు.

జీసీసీ: 24 లక్షల్లోంచి వేరియబుల్, కంపెనీ పీఎఫ్, గ్రాట్యుటీ తీసేస్తే నెల గ్రాస్ 1,63,190. ఇందులో నీ వాటా పీఎఫ్ 12,000, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతాయి. కొత్త పన్ను విధానంలో 2025-26 స్లాబ్‌ల ప్రకారం, 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోను టీడీఎస్ నెలకు సుమారు 15,300 పడుతుంది. చేతికి దాదాపు 1,35,700.

స్టార్టప్: నెల గ్రాస్ 1,68,990. వాళ్లు పీఎఫ్‌ను 15,000 వేతన పరిమితి మీదే కడుతున్నారు, అందుకే నెలకు 1,800. నీ వాటా కూడా అంతే. టీడీఎస్ సుమారు 16,500. చేతికి దాదాపు 1,50,500.

అంటే చేతికి వచ్చేది స్టార్టప్‌లో నెలకు 14,800 ఎక్కువ. కానీ జీసీసీలో నీ వాటా, వాళ్ల వాటా కలిపి నీ పీఎఫ్ ఖాతాలో నెలకు 24,000 పడతాయి. స్టార్టప్‌లో పడేది 3,600. అక్కడ 20,400 తేడా. పీఎఫ్ కూడా నీ డబ్బే, 2024-25కు 8.25 శాతం వడ్డీ ఇచ్చారు. కాబట్టి వేరియబుల్‌ను పక్కన పెట్టినా 24 లక్షల ఆఫరే నెలకు అయిదారు వేలు ముందుంది. వేరియబుల్ మొత్తం వస్తే పన్ను పోను ఇంకో లక్షా ఎనభై వేల దాకా కలుస్తుంది.

ఆరు లక్షల తేడా ఎక్కడికి పోయిందని ఇంట్లో అడిగితే ఈ లెక్క చూపించు. ఏడు లక్షలు కాగితం మీది షేర్లు, రెండు లక్షలు ఒక్క ఏడాది వచ్చేవి.

సిద్దిపేట_సందీప్ · బుధవారం, మధ్యాహ్నం 2:02

మేడమ్, పీఎఫ్‌ను చేతికొచ్చే డబ్బుతో సమానం అనడం ఒప్పుకోను. 38 వేల ఈఎంఐ ఉన్నవాడికి పదిహేను వేలు నెలనెలా చేతిలో ఉండటమే ముఖ్యం. పీఎఫ్ ఎప్పుడో రిటైర్ అయినప్పుడు కదా.

పేరోల్_పద్మ · బుధవారం, మధ్యాహ్నం 2:30

ఈఎంఐ మాట నిజమే, ఎవరి ఇల్లు ఎలా నడుస్తుందో వాళ్లకే తెలుసు. అయితే పీఎఫ్‌లో ఇంటికి, వైద్యానికి మధ్యలో తీసుకునే వీలుంది. కొన్ని కంపెనీలు చేరేటప్పుడే పీఎఫ్‌ను 1,800కి పరిమితం చేసుకునే అవకాశం ఇచ్చి, మిగిలింది జీతంలో కలుపుతాయి. జీసీసీ హెచ్‌ఆర్‌ను అడగమను. చేతికి ఎక్కువ కావాలంటే అక్కడే దారి దొరకొచ్చు.

గ్రాట్యుటీని మాత్రం నేను లెక్కలో పెట్టను. మామూలు ఉద్యోగికి అయిదేళ్లు నిండితేనే చేతికొస్తుంది, సీటీసీలో మాత్రం మొదటి రోజు నుంచే కనిపిస్తుంది.

ఉక్కునగరం · బుధవారం, సాయంత్రం 6:10

నా సంగతి చెబుతాను. మూడేళ్ల కిందట విశాఖ నుంచి హైదరాబాద్‌కు మేనేజర్‌ను చూసే వచ్చాను. ఇంటర్వ్యూల్లో అంత మంచి మనిషి నాకు ఇంకెక్కడా దొరకలేదు. చేరిన రెండో నెలలో ఆయన వేరే కంపెనీకి వెళ్లిపోయారు. కొత్తగా వచ్చినాయన ప్రతి చిన్నదానికీ స్టేటస్ కాల్ పెట్టేవాడు. రాత్రి తొమ్మిదికి ఒకటి, ఉదయం ఎనిమిదికి ఒకటి. అక్కడే ఏడాదిన్నర ఉన్నాను, ఎందుకంటే అంతకంటే ముందు మానేస్తే జాయినింగ్ బోనస్ వెనక్కి ఇవ్వాలి. మేనేజర్‌ను నమ్ముకుని వెళ్లొద్దు తమ్ముడూ, కంపెనీని చూసి వెళ్లు.

టీమ్_లీడ్_ఉష · బుధవారం, రాత్రి 9:25

ఉక్కునగరం గారి బాధ అర్థమైంది. అయినా మేనేజర్‌ను లెక్కలోంచి తీసేయకూడదు అంటాను. నేను తొమ్మిదేళ్లుగా ఇంటర్వ్యూలు తీసుకుంటున్నాను, అవతలి కుర్చీలోంచి కొంత చెప్పగలను.

భీమవరం తమ్ముడూ, ఆయన నచ్చారన్నావు. ఏం చేస్తే నచ్చారు? సరదాగా మాట్లాడారా, లేక పని గురించి ఏమైనా తెలిసేలా మాట్లాడారా? ఆ గంటలో జరిగింది కాస్త వివరంగా రాయి.

భీమవరం_బ్యాకెండ్ · బుధవారం, రాత్రి 10:48

ఉషక్కా, రాస్తాను. డబ్బు రెండుసార్లు కట్ అయ్యే సమస్య ఇచ్చారు. దుకాణదారు యాప్‌లో పేమెంట్ నొక్కాడు, బ్యాంకు నుంచి జవాబు రాలేదు, యాప్ మళ్లీ పంపింది. రెండుసార్లు కట్ కాకుండా ఎలా చేస్తావు? నేను ప్రతి రిక్వెస్ట్‌కు ఒక ఐడెంపొటెన్సీ కీ పెట్టి, డేటాబేస్‌లో యూనిక్ కన్‌స్ట్రెయింట్ వేస్తానన్నాను. అప్పుడు ఆయన, కీని యాప్‌లో తయారు చేస్తావా, సర్వర్‌లోనా అని అడిగారు. నేను సర్వర్ అన్నాను. సర్వర్‌లో చేస్తే రెండోసారి వచ్చిన రిక్వెస్ట్‌కు కొత్త కీ వస్తుంది కదా అని ఆగారు. నాకు వెలిగింది, యాప్‌లోనే చేయాలి అని మార్చాను. ఆయన నవ్వి, మా టీమ్‌లోనూ మొదట సర్వర్‌లోనే పెట్టాం, పోయినేడాది సంక్రాంతి రద్దీలో బయటపడింది, రెండు రోజులు రీఫండ్‌లు చేశాం అని చెప్పారు. ఆ డిజైన్ తనదేనని కూడా చెప్పారు.

చివర్లో ప్రశ్నలు ఉన్నాయా అన్నారు. అప్పుడు నాకు ఏమీ తోచలేదు.

టీమ్_లీడ్_ఉష · గురువారం, ఉదయం 6:55

ఇది చాలా మంచి గుర్తు. తప్పు సమాధానం వచ్చినప్పుడు తలూపి ముందుకు పోకుండా, నువ్వే పట్టుకునేదాకా ఓ ప్రశ్న వేసి ఆగారు. టీమ్‌లో జరిగిన పొరపాటు తన డిజైన్ వల్లేనని బయటివాడి ముందు చెప్పారు. ఇలాంటి మనిషి దగ్గర కోడ్ రివ్యూలో నేర్చుకుంటావు, ప్రొడక్షన్‌లో ఏదైనా పగిలినప్పుడు నిందలు కింద వాళ్ల మీద పడవు. ఆ గంట చూసి నేను మార్కులు వేస్తే బాగానే వేస్తాను.

కానీ ఉక్కునగరం గారి అనుభవం దీని వల్ల తప్పు కాదు. ఆయన ఉంటారా అన్నది వేరే ప్రశ్న, దాన్ని నేరుగా అడగొచ్చు. ఆఫర్ ఇచ్చాక ఒక అరగంట కాల్ అడిగితే ఏ మంచి మేనేజరూ కాదనరు. ఇవి అడుగు: మీరు ఇక్కడ ఎన్నాళ్లుగా ఉన్నారు? మీ టీమ్ నుంచి ఆఖరున వెళ్లిన ఇద్దరు ఎందుకు వెళ్లారు? మొదటి ఆరు నెలల్లో నేను సొంతంగా చూసుకోవలసిన భాగం ఏది? టీమ్‌లో ఒకరితో ఒంటరిగా మాట్లాడనిస్తారా?

ఈ ఆఖరి దాని మీద కన్నేసి ఉంచు. సరే అని వెంటనే ఒక పేరు ఇస్తే ఒకటి, హెచ్‌ఆర్ ద్వారా రండి అంటే ఇంకొకటి.

ఇక జీసీసీ. టీమ్ ఏదో చేరాక చెబుతాం అన్నదే నాకు పెద్ద ఇబ్బంది. అక్కడ ఎదుగుదల అంతా టీమ్ మీదే ఆధారపడి ఉంటుంది. డిజైన్ నిర్ణయాలు హైదరాబాద్‌లో జరుగుతాయా, లేక అక్కడ రాసి పంపింది ఇక్కడ కోడ్ చేయడమేనా? ఒకే కంపెనీలో రెండు రకాల టీమ్‌లూ పక్కపక్క అంతస్తుల్లో ఉంటాయి. మేనేజర్‌తో కాల్ ఏర్పాటు చేస్తేనే సంతకం పెడతానని మర్యాదగా చెప్పు. పూల్ హైరింగ్ అయినా, నీ కోసం ఖాళీ పట్టుకున్న టీమ్ ఒకటి దాదాపు ఖాయంగా ఉంటుంది.

పేరోల్_పద్మ · గురువారం, ఉదయం 9:10

ఉష గారు మేనేజర్ ప్రశ్నలు ఇచ్చారు, నేను ఈసాప్స్ ప్రశ్నలు ఇస్తాను. సందీప్ గారు సున్నా అనుకోమన్నారు. ఇంటి బడ్జెట్‌కు అది సరే. కానీ అదే ఏడు లక్షలను బేరంలో సున్నా అని వదిలేస్తే నష్టపోతావు. అది దేనికి ఏడు లక్షలో తెలుసుకో.

లెటర్‌లో రూపాయల్లో రాశారు కదా, షేర్ల సంఖ్యలో కాదు. నాలుగేళ్లకు 28 లక్షలు. ఆఖరి ఫండింగ్ రౌండ్‌లో షేరు విలువ 1,000 అనుకో, అప్పుడు 2,800 ఆప్షన్లు. షేరుకు నువ్వు కట్టాల్సిన స్ట్రైక్ ప్రైస్ 10 రూపాయలైతే దాదాపు మొత్తం నీదే. స్ట్రైక్ 400 అయితే ఒక్కో దాని మీద నీకు మిగిలేది 600, అప్పుడు 28 లక్షలు 16.8 లక్షలవుతాయి. స్ట్రైక్ ఎంతో చెప్పకుండా ఏడు లక్షలు అంటే ఆ అంకెకు అర్థం లేదు.

ఇంకా దగ్గరగా చూడు. ఏడాది నిండాక 700 ఆప్షన్లు వెస్ట్ అయి నీ హక్కులోకి వచ్చాయి, ఆ వెంటనే నువ్వు మానేశావు అనుకో. చాలా కంపెనీల్లో మానేశాక ఎక్సర్సైజ్ చేసి షేర్లు తీసుకోవడానికి 90 రోజులే గడువు. 400 చొప్పున 2.8 లక్షలు నీ జేబులోంచి కట్టాలి. ఆ రోజు విలువ 1,000 ఉంటే, 600 చొప్పున 4.2 లక్షలు నీ జీతంలో ఆదాయంగా కలుస్తాయి, దాని మీద పన్ను లక్ష పైనే. అంటే దాదాపు నాలుగు లక్షలు కట్టి, ఎవరికీ అమ్మలేని షేర్లు చేతిలో పెట్టుకుంటావు. ప్రభుత్వ సర్టిఫికెట్ ఉన్న కొన్ని స్టార్టప్‌లకు ఈ పన్ను వాయిదా వేసే వీలుంది, కానీ ఉద్యోగం మానేస్తే ఆ వాయిదా కూడా ముగుస్తుంది.

కాబట్టి రాతపూర్వకంగా అడుగు: ఎన్ని ఆప్షన్లు, స్ట్రైక్ ఎంత, మొత్తం షేర్లు ఎన్ని, మానేశాక గడువు ఎంత. ఆ తర్వాత, ఈసాప్స్ తగ్గించి ఫిక్స్‌డ్ పెంచుతారా అని అడుగు. ఇది అడిగినందుకు ఆఫర్ వెనక్కి తీసుకున్నవాళ్లను నేను చూడలేదు.

జాయినింగ్ బోనస్ క్లాజ్ కూడా చదువు. పన్నెండు నెలల లోపు మానేస్తే వెనక్కి ఇవ్వాలని ఉంటుంది. నీకు పన్ను పోను చేతికి లక్షన్నర వస్తుంది, వెనక్కి అడిగేది పూర్తి రెండు లక్షలు.

కూకట్‌పల్లి_కవిత · గురువారం, ఉదయం 11:40

అందరూ జీతం గురించే మాట్లాడుతున్నారు, నాన్నగారి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. రెండు కంపెనీల గ్రూప్ ఇన్సూరెన్స్‌లో తల్లిదండ్రులు ఉన్నారా? మా అత్తయ్యకు బైపాస్ అయ్యాక బయట సొంతంగా పాలసీ కోసం తిరిగాం. గుండె జబ్బుకు మూడేళ్ల వెయిటింగ్ అన్నారు, ప్రీమియం కూడా భారీగా పెంచారు. మా ఆయన కంపెనీ గ్రూప్ పాలసీలో మాత్రం మొదటి రోజు నుంచే కవర్ అయింది. 64 ఏళ్లు, స్టెంట్ అంటున్నారు కాబట్టి ఇది నెలకు అయిదారు వేల తేడా కంటే పెద్ద విషయం.

భీమవరం_బ్యాకెండ్ · గురువారం, మధ్యాహ్నం 12:15

కవిత గారూ, చాలా థ్యాంక్స్. ఈ మాట నాకు తట్టనే లేదు. పద్మ గారూ, ఉషక్కా, అన్నీ రాసుకున్నాను. రెండు కంపెనీలకూ మెయిల్ పెట్టి, కాల్స్ అడుగుతున్నాను. జీసీసీ వాళ్లను సోమవారం దాకా టైమ్ అడుగుతాను.

డల్లాస్_మూర్తి · గురువారం, సాయంత్రం 7:05

మీ ఇప్పటి కంపెనీకి ఆఫర్ చూపించి కౌంటర్ అడిగారా? 14ను 20 చేస్తే ఈ గొడవే లేదు.

ఉక్కునగరం · గురువారం, సాయంత్రం 7:40

మూర్తి గారూ, సర్వీసెస్ కంపెనీల్లో కౌంటర్ ఇస్తే ఇస్తారు కానీ, అదే ప్రాజెక్ట్, అదే పని. ఆయన బయటికి చూసింది డబ్బు కోసం ఒక్కటే కాదనుకుంటా.

భీమవరం_బ్యాకెండ్ · శనివారం, రాత్రి 8:30

ఆలస్యమైంది, క్షమించండి. రెండు కాల్స్ అయ్యాయి. జరిగింది జరిగినట్టు రాస్తాను.

జీసీసీ సోమవారం దాకా టైమ్ ఇచ్చింది. మేనేజర్‌తో కాల్ కూడా వేశారు. ఆవిడ హైదరాబాద్‌లోనే ఉంటారు, పదిమంది టీమ్, క్లెయిమ్స్ సిస్టమ్‌ను పాత మోనోలిత్ నుంచి విడగొట్టే పని. బాగానే మాట్లాడారు. డిజైన్ ఎవరు చేస్తారని అడిగితే, ఆర్కిటెక్చర్ అమెరికా నుంచి వస్తుంది, ఏడాది తర్వాత ఇక్కడికీ కొంత వస్తుందని ఆశిస్తున్నాం అన్నారు. వారానికి మూడు రోజులు రాత్రి తొమ్మిదిన్నర దాకా కాల్స్. వేరియబుల్ పోయినేడాది 85 శాతం ఇచ్చారట. తల్లిదండ్రులకు 5 లక్షల కవర్ ఉంది, మొదటి రోజు నుంచే, ప్రీమియం సగం నాది. పీఎఫ్‌ను 1,800కి తగ్గించే వీలు లేదట.

స్టార్టప్ మేనేజర్ మెయిల్ పెట్టిన రోజు సాయంత్రమే ఫోన్ చేశారు. రెండున్నరేళ్లుగా ఉన్నారు. ఆయన టీమ్ నుంచి ఇద్దరు వెళ్లారు, ఒకరు పై చదువుకు, ఒకరు జీతం పెంచలేదని. రెండోది నేను అడక్కుండానే చెప్పారు. టీమ్‌లో ఒకరి నంబర్ అప్పుడే పంపారు, ఆ అమ్మాయితో ఇరవై నిమిషాలు మాట్లాడాను. ఆన్‌కాల్ నాలుగు వారాలకొకసారి వస్తుంది, పండగ వారాల్లో నిద్ర ఉండదు, కానీ తన డిజైన్ డాక్యుమెంట్ మీదే తను చర్చ నడుపుతానని చెప్పింది. నాకు సెటిల్‌మెంట్స్ భాగం ఇస్తారట, దుకాణదారుకు రావలసిన డబ్బు మర్నాడు ఖాతాలో సరిగ్గా పడేలా చూసే భాగం.

కంపెనీ దగ్గర డబ్బు ఎన్నాళ్లకు ఉంది అని అడిగాను. పద్నాలుగు నెలలకు ఉంది, వచ్చే రౌండ్ కోసం మాట్లాడుతున్నాం, ఖాయం కాదు అన్నారు.

హెచ్‌ఆర్ నుంచి ఈసాప్స్ జవాబు వచ్చింది. ఆప్షన్ల సంఖ్య, స్ట్రైక్ ఇచ్చారు. స్ట్రైక్ ఆఖరి రౌండ్ ధరలో మూడో వంతు ఉంది. గడువు 90 రోజులే. మొత్తం షేర్లు ఎన్ని అన్నదానికి మాత్రం గోప్యం అన్నారు. ఈసాప్స్ తగ్గించమని అడిగితే ఏడాదికి 7ను 4 చేసి, ఫిక్స్‌డ్‌ను 23 చేస్తామన్నారు. తల్లిదండ్రుల కవర్ ఉంది కానీ మొత్తం ప్రీమియం నాదే, ఏడాదికి 32,000. పాత జబ్బులు మొదటి రోజు నుంచి కవర్ అవుతాయని హెచ్‌ఆర్ ఫోన్‌లో చెప్పారు.

పేరోల్_పద్మ · శనివారం, రాత్రి 9:50

ఫిక్స్‌డ్ 23 అయితే చేతికి దాదాపు 1,62,700 వస్తుంది. జీసీసీ కంటే నెలకు 27 వేలు ఎక్కువ. పీఎఫ్ తేడా 20,400 తీసినా నెలకు ఆరేడు వేలు స్టార్టప్ ముందుంటుంది, ప్రీమియం లెక్కేస్తే నాలుగైదు వేలు అనుకో. జీసీసీ వేరియబుల్ 85 శాతం చొప్పున వస్తే మళ్లీ అదే ముందు, ఏడాదికి లక్షకు కాస్త పైన. అంటే డబ్బు విషయంలో ఇక పెద్ద తేడా లేదు.

నేనైతే జీసీసీకే వెళ్లమంటాను. పద్నాలుగు నెలలు అన్నది నన్ను ఆపుతుంది. ఈఎంఐ ఉంది, నాన్నగారి వైద్యం ఉంది. స్టార్టప్ జీతాలు ఆపిన కేసులు నా చేతుల మీదుగా వెళ్లాయి. అందులో ఫుల్ అండ్ ఫైనల్ కోసం ఏడాది తిరిగినవాళ్లు ఉన్నారు.

టీమ్_లీడ్_ఉష · శనివారం, రాత్రి 10:20

పద్మ గారితో నేను ఏకీభవించను. పద్నాలుగు నెలలు అని చెప్పగలిగిన మేనేజర్ ఉన్నాడంటే, పరిస్థితి ఎనిమిది నెలలకు వచ్చినప్పుడు కూడా నీకు తెలుస్తుంది. ఏడాది పాటు సెటిల్‌మెంట్స్ సొంతంగా నడిపినవాడికి ఈ ఊళ్లో ఉద్యోగం కష్టం కాదు. ఏడో ఏడంతా పైనుంచి వచ్చిన డిజైన్‌కు కోడ్ రాసి, ఎనిమిదో ఏట సీనియర్ ఇంటర్వ్యూకు వెళ్తే, నువ్వు తీసుకున్న నిర్ణయం ఒకటి చెప్పు అంటారు. అక్కడ మాట రాదు. ఇది నేను అభ్యర్థుల్లో చాలాసార్లు చూశాను.

కాకపోతే ఒక షరతు. చేరకముందే ఆరు నెలల ఈఎంఐ, ఇంటి ఖర్చు పక్కన ఉందా లేదా చూసుకో. లేకపోతే పద్మ గారి మాటే విను.

సిద్దిపేట_సందీప్ · శనివారం, రాత్రి 10:41

ఆరు నెలలది పక్కన లేకుంటే ఆ రెండు లక్షల బోనస్‌ను ముట్టకుండా అట్లే ఎఫ్‌డీలో పెట్టు. ఏడాది లోపు వెనక్కి ఇవ్వాల్సి వచ్చినా భయం ఉండదు.

కూకట్‌పల్లి_కవిత · ఆదివారం, ఉదయం 8:05

ఫోన్‌లో చెప్పింది వద్దు. పాలసీ డాక్యుమెంట్‌లో తల్లిదండ్రులు, పాత జబ్బులు, రూమ్ రెంట్ పరిమితి ఏమని రాశారో పీడీఎఫ్ తెప్పించుకోండి. మాకు రూమ్ రెంట్ పరిమితి దగ్గరే బిల్లులో చాలా కోత పడింది.

భీమవరం_బ్యాకెండ్ · ఆదివారం, సాయంత్రం 5:30

పక్కన నాలుగున్నర నెలలది ఉంది. నాన్నతో మాట్లాడాను. పని నీది, నీకు ఎక్కడ బాగుంటే అక్కడ చేరు, పాలసీ కాగితం మాత్రం నాకు చూపించు అన్నారు.

నా మనసు స్టార్టప్ వైపే ఉంది. పద్మ గారు చెప్పిన భయం పోలేదు, మొత్తం షేర్ల సంఖ్య ఇవ్వకపోవడం కూడా నచ్చలేదు. ఆ నాలుగు లక్షలను నేను సున్నా కిందే రాసుకున్నాను. 23 లక్షలు, సవరించిన ఈసాప్స్, బైఅవుట్ మొత్తం, ఇవన్నీ ఉన్న కొత్త లెటర్‌తో పాటు పాలసీ పీడీఎఫ్ రేపు మధ్యాహ్నం లోపు పంపమన్నాను. జీసీసీకి రేపు సాయంత్రం దాకా టైమ్ ఉంది.

పేరోల్_పద్మ · ఆదివారం, సాయంత్రం 6:00

సరే బాబూ, నీ నిర్ణయం. కొత్త లెటర్ మీద రెండువైపులా సంతకాలు పడేదాకా రాజీనామా మెయిల్ పంపకు. బైఅవుట్ ముందు నువ్వు కట్టి తర్వాత వాళ్ల దగ్గర తీసుకోవాలా, ఏ నెల జీతంలో ఇస్తారు, దాని మీద పన్ను ఎవరిది, ఈ మూడూ లెటర్‌లోనే ఉండాలి. అసలు మీ ఇప్పటి కంపెనీ బైఅవుట్‌కు ఒప్పుకుంటుందా? చాలాచోట్ల అది మేనేజర్ ఇష్టం అని రాసి ఉంటుంది. ఒప్పుకోకపోతే 90 రోజులూ ఆగుతామని స్టార్టప్ చేత మెయిల్‌లో రాయించుకో.

భీమవరం_బ్యాకెండ్ · ఆదివారం, సాయంత్రం 6:12

అపాయింట్‌మెంట్ ఆర్డర్ తీసి చూశాను. మీరన్నట్టే ఉంది, కంపెనీ విచక్షణ మేరకు అని. ఇప్పుడే స్టార్టప్ మేనేజర్‌కు మెసేజ్ పెట్టి అడుగుతున్నాను.